బట్టతల మీద ఉప్పుకాగితంలా గరుకైన మచ్చలు: గుర్తించి, చికిత్సను చివరిదాకా చేయించుకోవడం ఎలా?

బట్టతల ఉన్నవారు తల తుడుచుకునేటప్పుడు ఒకచోట చర్మం ఉప్పుకాగితంలా వేలికి గరుకుగా తగలవచ్చు. అద్దంలో చూస్తే అక్కడ ఏమీ కనిపించకపోవచ్చు, లేదా కొంచెం ఎర్రబడిన చోట పల్చని పొలుసు మాత్రం కనిపించవచ్చు. గోటితో గీకితే ఆ పొలుసు ఊడిపోయి, కొన్ని వారాలకు అక్కడే మళ్లీ కడుతుంది. దీనిని వైద్యులు ఆక్టినిక్ కెరటోసిస్ అంటారు. ఏళ్ల తరబడి తగిలిన ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల డీఎన్ఏను దెబ్బతీయడం వల్ల ఇది వస్తుంది. అందుకే వెంట్రుకల నీడ లేని నడినెత్తి, చెవుల అంచులు, ముఖం, ముంజేతులు, అరచేతుల వెనుక భాగం దీనికి ఎక్కువగా గురవుతాయి. లేతరంగు చర్మం ఉన్నవారిలో ఇది సాధారణం, ముదురు రంగు చర్మంలో అరుదు. అయితే పుట్టుకతోనే చర్మానికి రంగునిచ్చే పదార్థం తక్కువగా ఉన్నవారికి (ఆల్బినిజం) ఇది చిన్న వయసులోనే రావచ్చు. అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో కూడా ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

1. ముందు కళ్లతో కాక, వేళ్లతో వెతకండి

మంచి వెలుతురులో కూర్చుని, వేళ్ల కొనలతో నుదుటి పైనుంచి నడినెత్తి దాకా, ఆ తర్వాత చెవుల పైఅంచుల వెంట, చివరగా మోచేతి నుంచి మణికట్టు దాకా మెల్లగా తడమండి. గరుకుగా తగిలిన ప్రతిచోటును లెక్కపెట్టి, ఇంట్లో ఎవరిచేతనైనా ఫొటో తీయించుకోండి. వీటిలో ఏదైనా దళసరిగా మారినా, అడుగున గట్టిగా తగిలినా, నొక్కితే నొప్పి పుట్టినా, రక్తం కారినా, పుండుపడినా, కొన్ని వారాల్లోనే పెరిగినా, చిన్న కొమ్ములా పైకి లేచినా ఆలస్యం చేయకుండా చర్మవైద్యులకు చూపించాలి. ఆ లక్షణాలు స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌వి కావచ్చు.

2. ఎందుకు చికిత్స చేయించుకోవాలో తెలుసుకోండి

ఒక్కో మచ్చ క్యాన్సర్‌గా మారే అవకాశం తక్కువే. అమెరికాలో ముప్పు ఎక్కువగా ఉన్న మాజీ సైనికులపై జరిగి, 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏడాదిలో సుమారు 0.6 శాతం మచ్చలు, నాలుగేళ్లలో సుమారు 2.6 శాతం మచ్చలు క్యాన్సర్‌గా మారాయి. కొన్ని మచ్చలు వాటంతటవే మాయమవుతాయి కూడా. ఈ మాట విని చాలామంది ఊరుకుంటారు, కానీ వారు పొరబడేది ఇక్కడే. గరుకుగా తగిలే మచ్చ పైకి కనిపించే ఆనవాలు మాత్రమే. దాని చుట్టూ ఉన్న చర్మమంతా అదే ఎండకు, అన్నేళ్లూ దెబ్బతిని ఉంటుంది. పది మచ్చలున్న తలలో ఏది మారుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఒక్కో మచ్చను కాక ఆ ప్రాంతాన్ని మొత్తంగా బాగుచేయడం మేలు.

3. మచ్చకా, ప్రాంతానికా అన్నది వైద్యులతో తేల్చుకోండి

ఒకటి రెండు మచ్చలే ఉంటే లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం తేలిక. కొన్ని సెకన్ల పని, తర్వాత చిన్న పొక్కు వచ్చి ఎండి రాలిపోతుంది. మచ్చలు ఎక్కువగా ఉంటే ప్రాంతమంతటికీ పూసే మందు కావాలి. అందులో ముఖ్యమైనది 5 శాతం ఫ్లోరోయురాసిల్ క్రీమ్. నెదర్లాండ్స్‌లో నాలుగు చికిత్సలను పోల్చి 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఈ క్రీమే అన్నిటికన్నా మెరుగైన ఫలితమిచ్చింది. మరో ప్రయోగంలో దీనిని ఒక విడత వాడినవారికి, మొదటి ఏడాదిలో శస్త్రచికిత్స అవసరమయ్యే స్క్వామస్ సెల్ క్యాన్సర్ ముప్పు సుమారు 75 శాతం తగ్గింది. గర్భవతులూ, ఈ మందును శరీరంలో విచ్ఛిన్నం చేసే డీపీడీ అనే ఎంజైమ్ లోపించినవారూ దీనిని వాడకూడదు.

4. క్రీమ్ వాడే నాలుగు వారాలను ఓర్పుతో దాటండి

ఉదాహరణకు, ముప్పై ఏళ్లు ఆరుబయట పనిచేసిన 66 ఏళ్ల వ్యక్తిని ఊహించుకుందాం. రెండేళ్ల కిందట ఆయన తలపై మూడు మచ్చలను గడ్డకట్టించారు. అవి పోయాయి గాని, వాటి పక్కనే ఇప్పుడు తొమ్మిది కొత్తవి తేలాయి. అందులో నడినెత్తి మీదిది దళసరిగా ఉండి నొక్కితే నొప్పెడుతోంది కాబట్టి, వైద్యులు ముందు దానికి బయాప్సీ చేసి, క్యాన్సర్ కాదని తేలాక, క్రీమ్‌ను రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు పూయమన్నారు.

ఆయన తల కడుక్కుని, పూర్తిగా ఆరాక, మచ్చల మీదే కాక వైద్యులు గీసి చూపిన ప్రాంతమంతా పల్చగా పూశారు. ఒకసారికి పూసే చోటు మొత్తం 500 చదరపు సెంటీమీటర్లకు, అంటే సుమారు 22 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోటుకు, మించకూడదు. కళ్లు, ముక్కు, నోటి దగ్గరికి మందు చేరకూడదు, పూసిన వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో కుక్కలు, పిల్లులు ఉంటే ట్యూబు వాటికి అందకూడదు, పూసిన తలను నాకనివ్వకూడదు. ఈ మందు వాటి ప్రాణానికే ముప్పు.

మొదటి నాలుగు రోజులు ఏమీ జరగలేదు. ఐదో రోజు నుంచి చర్మం ఎర్రబడింది, అదీ తొమ్మిది చోట్లే కాక, వేలికి తగలని మరికొన్ని చోట్ల కూడా. పన్నెండో రోజుకు మంట, పొక్కులు, చెక్కుకట్టడం మొదలై, చూసినవారు భయపడేలా తయారైంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. నిజానికి మందు దెబ్బతిన్న కణాలను వెతికి చంపుతోందనడానికి ఇదే గుర్తు. ఆయన పెట్రోలియం జెల్లీ రాసుకుని, ఎండలోకి వెళ్లినప్పుడు టోపీ పెట్టుకుని, నాలుగు వారాలూ పూర్తిచేశారు. మందు మానిన మూడు వారాలకు చర్మం మాని, నునుపుగా లేతగా తేలింది. అయితే చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఎరుపు పూసిన హద్దు దాటి వేగంగా పాకినా, మంటతో నిద్ర పట్టకపోయినా మందు ఆపి వైద్యులకు చెప్పాలి.

ముంజేతుల విషయం వేరు. అక్కడి చర్మం మందుకు తక్కువగా స్పందిస్తుంది కాబట్టి, ఎరుపు తక్కువగా ఉందని మందు పనిచేయలేదనుకోకూడదు. వైద్యులు గడువును మరికొన్ని వారాలు పొడిగించవచ్చు.

5. మూడు నెలలకు మళ్లీ తడిమి చూడండి

చర్మం పూర్తిగా మానాక, మొదట చేసినట్లే తడమండి. ఆయనకు తొమ్మిదిలో ఎనిమిది మాయమయ్యాయి, చెవి పైన ఒకటి మిగిలింది. అలా పూర్తి విడత తర్వాత కూడా మొండిగా నిలిచిన మచ్చకు మళ్లీ సొంతంగా క్రీమ్ పూయకూడదు. వైద్యులు దానిని గడ్డకట్టిస్తారు, లేదా ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇక మీదట వెడల్పు అంచున్న టోపీ, నెత్తికీ ముంజేతులకూ రోజూ సన్‌స్క్రీన్ అవసరమే, ఎందుకంటే కొత్త మచ్చలు రావడాన్ని సన్‌స్క్రీన్ తగ్గిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొత్తవి తేలడం మామూలే కాబట్టి, ఆరు నెలలకోసారి తడిమి చూసుకుని, మునుపటి ఫొటోతో పోల్చి, గరుకు తేలిన చోటును తర్వాతి సందర్శనలో వైద్యులకు వేలితో చూపించండి.