లేవగానే మెడ వెనక నుంచి తలనొప్పా? ముందు దిండు ఎత్తు చూడండి

నొప్పి మెడ వెనక, ఒకవైపే మొదలై కంటిదాకా పాకి, లేచి తిరిగిన గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంటే దిండును అనుమానించాలి.

పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి మెడకీ పరుపుకీ మధ్య భుజమంత ఖాళీ ఉంటుంది. దిండు దాన్ని నింపాలి. పడుకున్నాక ఇంట్లో ఎవరినైనా ముందు నుంచి ఫొటో తీయమనండి. ముక్కు, గడ్డం, ఛాతీ మధ్య ఎముక ఒకే గీతలో ఉండాలి. తల పరుపు వైపు వాలితే దిండు చాలలేదు, పైకి లేస్తే ఎక్కువైంది. చాలకపోతే తువ్వాలు మడిచి దిండు కింద పెట్టి, ఒక్కో మడతా పెంచుతూ మళ్లీ చూడండి. అదే ఎత్తు వారం ఉంచితేగానీ తేడా తెలీదు.

పరుపు మారితే లెక్క మారుతుంది. మెత్తటి ఫోమ్‌లో భుజం దిగుతుంది, పల్చటి దిండు చాలు. బెజవాడ ఎండలకి డాబా మీద చాపేసుకుంటే భుజం దిగదు, అదే దిండు చాలదు. బూరుగుదూది దిండు నడుమ గుంటపడితే దూది ఏకించాల్సిందే.

వెల్లకిలా అయితే ఇంకా పల్చనిది. బోర్లా మాత్రం వద్దు, మెడ రాత్రంతా మెలిపడే ఉంటుంది.

చేతులు తిమ్మిరెక్కినా, జ్వరం, వాంతులున్నా, నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా డాక్టర్‌కి చూపించండి.