సర్వైవర్ బెనిఫిట్స్ లెక్కలు, నాలుగో పాఠం: నలుగురికీ ఒకే గిన్నె

ఈ పాఠంలో అత్తమామల పెన్షన్ గురించి చెప్పాలనుకున్నాను. అది వాయిదా పడింది. కారణం మూడో పాఠమే.

అందులో ఒక మాట చెప్పి ఆపేశాను. అమెరికా సోషల్ సెక్యూరిటీలో పనిచేస్తూ చనిపోయిన మనిషి రికార్డు మీద పిల్లలకు పీఐఏలో, అంటే ఆయన పూర్తి రిటైర్మెంట్ వయసులో తీసుకోవాల్సిన నెలసరి మొత్తంలో, 75 శాతం చొప్పున, పదహారేళ్ల లోపు పిల్లల్ని చూసుకుంటున్న భార్యకు 75 శాతం వస్తుందని చెప్పాను. అది నిజమే. కానీ అక్కడితో ఆపడం నా తప్పు. చాలామంది శాతాలు కూడేశారు. ఒకాయన తన చెల్లెలి ఇంటి లెక్క పంపారు. పీఐఏ 2,400 డాలర్లు. చెల్లెలు, ఇద్దరు పిల్లలు. ఒక్కొక్కరికి 1,800, మొత్తం 5,400. ఆ అంకె చూసుకుని ఇల్లు అమ్మాల్సిన పనిలేదని మార్ట్‌గేజ్ లెక్క కూడా వేసేసుకున్నారట. తర్వాత ఆఫీసు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ముగ్గురికీ తలా 1,475. "ఆఫీసు వాళ్లు పొరపాటు చేశారు, అప్పీలు ఎలా వేయాలి?" అని అడిగారు.

అప్పీలు అక్కర్లేదు. వాళ్ల లెక్క సరైనదే. పొరపాటు నాది. ఆ ఇంటి వివరాలు కాస్త మార్చి ఈ పాఠమంతా దాని మీదే చెబుతాను.

ఒక మనిషి రికార్డు మీద ఎంతమంది తీసుకున్నా, నెలకు ఇంత మించి ఇవ్వరు అని ఒక హద్దు ఉంది. దాన్నే ఫ్యామిలీ మాక్సిమమ్ అంటారు. నేను గిన్నె అంటాను. శాతాలు ఒక్కొక్కరి ఆకలి చెబుతాయి, గిన్నెలో ఎంత ఉందో చెప్పవు.

గిన్నె కొలిచే పద్ధతి చూడండి. చాలామంది "పీఐఏకి 180 శాతం" అని ఎక్కడో చదివి అదే పట్టుకుంటారు. అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించేది ఆ ఒక్క మాట. 180 అనే స్థిరమైన అంకె ఎక్కడా లేదు. పీఐఏని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో శాతం వేస్తారు. 2025లో చనిపోయిన వాళ్లకైతే మొదటి 1,567 డాలర్ల మీద 150 శాతం. అక్కడి నుంచి 2,262 దాకా ఉన్న ముక్క మీద 272 శాతం. అక్కడి నుంచి 2,950 దాకా 134 శాతం. ఆ పైన 175 శాతం. ఈ హద్దులు ఏటా మారతాయి, శాతాలు మారవు. పనిచేసిన మనిషి 62 నిండకముందే చనిపోతే, చనిపోయిన సంవత్సరపు హద్దులే వాడాలి. దరఖాస్తు పెట్టిన సంవత్సరానివి కావు. దీనిలో కూడా తప్పుతారు.

మన లెక్క ఇలా ఉంటుంది:

```
1567 × 1.50           = 2350.50
(2262 - 1567) × 2.72  = 1890.40
(2400 - 2262) × 1.34  =  184.92
మొత్తం                = 4425.82
```

సెంట్లను కింది పది సెంట్లకు దించుతారు కాబట్టి గిన్నె 4,425.80. పీఐఏతో పోలిస్తే దాదాపు 184 శాతం. ఇదే పీఐఏ 1,400 అయితే అంతా మొదటి ముక్కలోనే ఉంటుంది, గిన్నె సరిగ్గా 150 శాతం. అంటే ఇద్దరు పిల్లలతోనే అది ఖాళీ. 2,262 దగ్గర శాతం పెరిగి 187న్నరకు చేరుతుంది, తర్వాత మళ్లీ తగ్గి 2,950 దగ్గర 175కు వస్తుంది. ఆ పైన అలాగే ఉంటుంది. నేనైతే పీఐఏ 2,950 దాటిందని తెలిస్తే ముక్కలు చెయ్యను, 1.75తో గుణించేస్తాను. ముప్పై రెండు సెంట్ల తేడాకి నాకు దిగుల్లేదు. కానీ చిన్న పీఐఏ మీద ఈ అడ్డదారి వాడకండి. 1,400 మీద వాడితే నెలకు 350 డాలర్లు గాల్లో కడతారు.

ఇక పంచడం. మనిషి బతికుండి రిటైరైతే ఆయన వాటా ముందు తీసి, మిగిలింది పంచుతారు. చనిపోయాక ఆయన వాటా లేదు, గిన్నె అంతా మిగిలిన వాళ్లదే. అందరి ఆకలీ కూడి, గిన్నెను దానితో భాగించి, ఆ నిష్పత్తిని ప్రతి ఒక్కరికీ వర్తింపజేస్తారు. మన ఇంట్లో 1,800 చొప్పున ముగ్గురు, మొత్తం 5,400. గిన్నె 4,425.80. ముగ్గురికీ ఒకే శాతం కాబట్టి మూడుతో భాగిస్తే చాలు: 1,475 చిల్లర. డాలరుకు కిందికి దించితే 1,475. ఉత్తరంలో ఉన్న అంకె అదే.

ఇక్కడ రెండో ప్రశ్న వచ్చింది. చెల్లెలు ఉద్యోగంలోకి వెళ్తే ఎంత పోతుంది? ఆయన 4,425లోంచి 1,475 తీసేసి 2,950 మిగులుతుందని రాశారు. నన్ను కాసేపు ఇక్కడ ఆగనివ్వండి. ఇలా తీసేసిన ఇళ్లు నేను చాలా చూశాను. ఒక ఇంట్లో ఈ లెక్క చూసి ఉద్యోగమే మానేశారు.

పూర్తి రిటైర్మెంట్ వయసు రాకముందు సంపాదిస్తే 2025లో ఏడాదికి 23,400 డాలర్ల దాకా ఏమీ అనరు. ఆ పైన ప్రతి రెండు డాలర్లకు ఒక డాలరు ఆపుతారు. ఆమె జీతం 75,000 అనుకుందాం. పైన ఉన్నది 51,600, దానిలో సగం 25,800. ఆమెకు ఏడాదికి అత్యధికంగా వచ్చేదే 21,600. కాబట్టి ఆమె చెక్కు మొత్తం ఆగిపోతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది తర్వాతి అడుగు. ఆమె జీతం ఆమె చెక్కునే ఆపుతుంది, పిల్లల చెక్కుల జోలికి రాదు. అంతేకాదు, చట్టం ప్రకారం ముందు ఈ కోత వేస్తారు, గిన్నె లెక్క తర్వాత చేస్తారు. ఈ వరుసే కీలకం. గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆమె వరసలో లేదు. ఇద్దరు పిల్లలే ఉన్నారు, వాళ్ల ఆకలి 3,600. గిన్నెలో 4,425.80 ఉంది. సరిపోయి మిగిలింది. కాబట్టి పిల్లలకు ఎవరి 1,800 వాళ్లకు పూర్తిగా వస్తుంది.

అంటే ఇంటికి వచ్చేది 4,425 నుంచి 3,600కు తగ్గింది. పోయింది 825, 1,475 కాదు. ఉద్యోగం మానేసిన ఆ ఇంట్లో ఈ తేడా ముందే తెలిసి ఉంటే వేరే నిర్ణయం తీసుకునేవారు.

ఒక పిల్లాడు 18 నిండి, హైస్కూల్ అయిపోయి బయటికి వెళ్లినా లెక్క ఇదే తీరు. ఆఫీసు వాళ్లే మళ్లీ పంచుతారు. చెల్లెలు పని చేయకపోతే ఆమె, చిన్నవాడు చెరి 1,800 పొందుతారు. చిన్నవాడికి 16 నిండితే ఆమె వాటా ఆగిపోతుంది, 60 ఏళ్ల దాకా మళ్లీ రాదు. వాడి వాటా కొనసాగుతుంది. ఇందులో వివరించేదేమీ లేదు.

ఇప్పుడు అసలు కష్టమైన ముడి, నానమ్మ. చనిపోయినాయన తల్లికి 66 ఏళ్లు. గ్రీన్‌కార్డుతో అయిదేళ్లకు పైగా ఇక్కడే, కొడుకు ఇంట్లోనే ఉంది. ఆమె ఖర్చులో సగానికి పైగా కొడుకే పెట్టేవాడు. అలాంటి తల్లికి 62 దాటితే 82.5 శాతం వస్తుంది, ఇక్కడ 1,980. ఊళ్లోనే ఉండిపోయిన నానమ్మ సంగతి వేరే నియమాల కింద వస్తుంది, అది ఇంకో పాఠం.

కోడలు పని చేయకపోతే, నానమ్మ కూడా చేరితే ఆకలి 7,380. గిన్నె మాత్రం అదే. కోడలికి, పిల్లలకు తలా 1,079. నానమ్మకు 1,187. మొత్తం 4,424. అంతకుముందు 4,425 వచ్చింది కదా. ఇంటికి ఒక్క డాలరు కలవలేదు, కవర్లు మారాయంతే. అదే కోడలు ఉద్యోగం చేస్తుంటే పిల్లల 3,600కు నానమ్మ 1,980 కలిసి 5,580. గిన్నె 4,425.80. పిల్లలకు 1,427 చొప్పున, నానమ్మకు 1,570, మొత్తం 4,424. ఆమె లేకపోతే 3,600. అంటే అదే నానమ్మ ఇంటికి నెలకు 824 డాలర్లు తెచ్చింది. దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది ఆమె హక్కును బట్టి కాదు, కోడలి జీతాన్ని బట్టి తేలింది.

కానీ ఆ 824 కోసం పిల్లల చెక్కులు ఒక్కొక్కటి 373 తగ్గుతాయి. డబ్బు ఎవరి పేరున వస్తే వాళ్ల కోసమే ఖర్చు పెట్టాలి, పిల్లల డబ్బుకు తల్లి లెక్క రాసి పెట్టుకోవాలి. ఈ మాట ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది. అత్తగారు, కోడలు ఒకే ఇంట్లో ఉన్నా ఒకే పర్సు వాడరు కదా.

ఒక గడువు గుర్తుంచుకోండి. కొడుకు తనను పోషించాడన్న రుజువును తల్లి అతను చనిపోయిన రెండేళ్ల లోపు ఆఫీసులో ఇవ్వాలి. ఇప్పుడు డబ్బు తీసుకోకపోయినా ఇచ్చి పెట్టుకోవాలి. ఇప్పుడు దండగ అనిపించే నానమ్మ దరఖాస్తు, పిల్లలు ఒక్కొక్కరు వెళ్లిపోయాక బాగా పనికొస్తుంది. ఫారం పేరు `SSA-7`. ఆమె ఆ రోజుకి ఇంకా 62 చేరకపోయినా రుజువుకు గడువు మాత్రం అదే.

విడాకులైన మాజీ భార్య గురించి అడిగిన వాళ్లకు రెండు ముక్కలు. 60 దాటి వయసు మీద తీసుకునే మాజీ భార్య గిన్నెలోకి రాదు, ఆమెకు విడిగా వస్తుంది. ఆయన పిల్లాడు పదహారు లోపు ఉండి, వాణ్ణి చూసుకుంటున్నందుకు తీసుకుంటే మాత్రం గిన్నెలోంచే.

అభ్యాసం. ఒకటే ఇస్తున్నాను, కాస్త కష్టంగానే ఉంటుంది. పీఐఏ 1,400, మరణం 2025లో. భార్య ఉద్యోగం చేయడం లేదు, ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. మొదటి పెళ్లి నుంచి పదేళ్ల బాబు, వాడు వాళ్లమ్మ దగ్గర వేరే రాష్ట్రంలో ఉంటాడు. వాళ్లమ్మ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మొదట భార్య దరఖాస్తు పెట్టకుండా రెండు ఇళ్లకూ ఎంతెంత వస్తుందో రాయండి. తర్వాత భార్య పెడితే ఎంత? ఆపైన మొదటి భార్య కూడా పెడితే ఎంత? చివరగా మొదటి భార్యకు నెలకు 6,000 జీతం ఉంటే ఏం జరుగుతుందో చూడండి. ప్రతిసారీ గిన్నె అంకెను కాగితం పైన పెద్దగా రాసుకుని మొదలుపెట్టండి. ధరల పెరుగుదలను బట్టి డిసెంబరులో వచ్చే కోలా పెంపును ఈ లెక్కలో పక్కన పెట్టండి. రెండో ప్రశ్నలో భార్య వల్ల ఆమె ఇంటికి 175 డాలర్లు పెరిగినట్టు రాకపోతే, గిన్నెను మళ్లీ కొలవండి.