యూజర్ ఇంటర్వ్యూకి కస్టమర్‌ను ఎలా పిలవాలి?

పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమలు నడిపేవాళ్ళు వాడే బిల్లింగ్ యాప్ ఒకటి ఉందనుకుందాం. బిల్లులు రోజూ కొడుతున్నారు. సరుకు లెక్క పేజీని మాత్రం రెండు మూడు వారాలు వాడి వదిలేస్తున్నారు. ఎందుకో తెలియాలంటే వాళ్ళ దగ్గర కూర్చుని వినాలి. యూజర్ ఇంటర్వ్యూ అంటే ఇదే. అందుకు వాళ్ళను ఒప్పించే పిలుపు ఎలా ఉండాలో ఈ ఒక్క ఉదాహరణతో చూద్దాం.

1. ముందు ఎవరు కావాలో రాసుకోండి

సరుకు లెక్క పేజీని కనీసం అయిదు సార్లు తెరిచి, గత రెండు నెలల్లో మానేసినవాళ్ళ జాబితా తీయండి. అంతకు ముందే మానేసినవాళ్ళకు అసలు కారణం గుర్తుండదు. అడిగామని ఏదో ఒకటి చెబుతారు. పేజీని ఒక్కసారే తెరిచి చూసినవాళ్ళకు చెప్పడానికి అనుభవం ఉండదు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు యజమానిని పిలవడం. చందా కట్టేది ఆయనే గానీ, ఎన్ని బస్తాల జీడి పిక్కలు వచ్చాయో, ఎంత పప్పు దిగిందో ఎక్కించేది గుమాస్తా. మనకు కావలసింది గుమాస్తా. కానీ ఆయన్ను నేరుగా పిలిస్తే యజమానికి అనుమానం వస్తుంది. కాబట్టి అనుమతి యజమానిని అడగాలి, మాట్లాడేది గుమాస్తాతో అని ఆయనకు ముందే చెప్పాలి.

ఇలా ఒకే రకం వాడుక ఉన్నవాళ్ళు అయిదారుగురు దొరికితే మొదటి విడతకు చాలు. ఏడుగురితో రోజు ఖాయం చేసుకోండి, ఒకరిద్దరు తప్పకుండా జారిపోతారు. మార్కెటింగ్ కుర్రాడికి బాగా తెలిసిన షాపులతోనే జాబితా నింపేయకండి. వాళ్ళు మొహమాటానికి 'అంతా బాగుంది' అంటారు.

2. ఎంతసేపో నిజం చెప్పండి

'అయిదు నిమిషాలే సార్' అని మొదలుపెడితే పదో నిమిషానికి ఎదుటివారి చూపు వాకిలి వైపు పోతుంది. మిగతా జవాబులన్నీ ముక్తసరిగా వస్తాయి. ప్రశ్నలు రాసుకుని, ఆఫీసులో సంబంధం లేని ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడియారం పెట్టి ఒకసారి నడిపి చూడండి. ఎనిమిది తొమ్మిది ప్రశ్నలకు 35 నిమిషాలు పట్టిందంటే, పరిచయానికీ అనుమతికీ అయిదు కలిపి 40 అని చెప్పండి. 40 అయ్యాక ఎంత రసవత్తరంగా ఉన్నా ఆపి, ఇంకో అయిదు నిమిషాలు ఉండొచ్చా అని అడగాలి.

వేసవిలో పిక్కల కొనుగోళ్ళు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. మిగతా రోజుల్లోనైనా వేళ మీరు నిర్ణయించకుండా, రెండు మూడు వేళలు చెప్పి ఎంచుకోమనండి.

3. ఏ విషయాలు అడుగుతారో, ఏవి అడగరో

అసలు భయం ఇక్కడే ఉంది. లెక్కల గురించి మాట్లాడాలంటూ కొత్త నంబరు నుంచి మెసేజ్ వస్తే, 'ఏటి బాబూ, జీఎస్టీ వాళ్ళా?' అనే అనుకుంటారు. లేదంటే పోటీ వ్యాపారి పంపిన మనిషి అనుకుంటారు. అందుకే అడగని విషయాల జాబితా అడిగేవాటి కంటే ఎక్కువ పని చేస్తుంది. ధరలు, పన్నులు, అప్పులు, ఎవరికి అమ్ముతున్నారన్నది అడగబోమని రాసి, ఆ మాట మీద నిలబడండి.

అడిగే విషయాన్ని పని పేరుతో చెప్పాలి, మీ అనుమానం పేరుతో కాదు. 'మా సరుకు పేజీ కష్టంగా ఉందా అని తెలుసుకోవాలి' అని రాస్తే, వచ్చేవాళ్ళు కష్టాలు వెతుక్కుని వస్తారు. 'సరుకు లెక్క రోజూ ఎలా రాసుకుంటారో చూడాలి' అంటే, వాళ్ళు తీసే చిట్టా పుస్తకంలోనే మీకు కారణం కనిపించవచ్చు.

మెసేజ్‌లో 'ఇంటర్వ్యూ' అన్న మాట వాడకండి. మన దగ్గర ఆ మాటకు ఉద్యోగం, లేకపోతే టీవీ గుర్తొస్తాయి. 'సర్వే' అంటే ప్రభుత్వం వాళ్ళు ఇంటికొచ్చి వివరాలు రాసుకోవడం గుర్తొస్తుంది. 'కూర్చుని మాట్లాడాలి' అంటే చాలు.

4. కానుక

ఎంత, ఏ రూపంలో, ఎప్పుడు, ఎవరికి అన్న నాలుగూ చెప్పాలి. ఈ ఉదాహరణలో గుమాస్తాకు 500 రూపాయలు, మాట్లాడటం అయిన వెంటనే ఫోన్‌పేలోనో చేతికో ఇస్తాం. మధ్యలో లేచిపోయినా ఇస్తాం, యాప్‌ను తిట్టినా ఇస్తాం. ఈ చివరి మాట రాయకపోతే డబ్బులిచ్చేవాళ్ళను నొప్పించకూడదని మంచిమాటలే చెబుతారు.

'వచ్చే నెల చందా మాఫీ' అనే కానుక చవకగా కనిపిస్తుంది గానీ పెట్టకండి. యాప్ మానేద్దామని చూస్తున్నవాళ్ళకు దానితో పనిలేదు, మీకేమో వాళ్ళ మాటే ఎక్కువ అవసరం. పైగా ఆ లాభం యజమానికి పోతుంది, సమయం ఇచ్చింది గుమాస్తా. వస్తువే ఇవ్వాలనుకుంటే ఏదైనా ఇవ్వండి, పలాసలో జీడిపప్పు డబ్బా మాత్రం వద్దు.

కానుకను మెసేజ్ మొదటి వరుసలో పెట్టకూడదు. డబ్బుతో మొదలయ్యే మెసేజ్‌ను లాటరీ మోసం అనుకుని చెరిపేస్తారు.

5. మెసేజ్

యజమానికి వాట్సాప్‌లో, కంపెనీ నంబరు నుంచే, ఇలా పంపవచ్చు:

> నమస్కారమండి. మీరు వాడుతున్న బిల్లింగ్ యాప్ తయారు చేసేది మేమే. నా పేరు (పేరు). సరుకు లెక్క రోజూ ఎలా రాసుకుంటారో తెలుసుకోవడానికి మీ గుమాస్తా గారితో 40 నిమిషాలు మాట్లాడాలనుకుంటున్నాం. మీ దగ్గరికే వస్తాం. ధరలు, పన్నులు, అప్పులు, మీ కొనుగోలుదారుల పేర్లు అడగం. ఏదీ అమ్మడానికి రావడం లేదు. మీరు ఒప్పుకుంటేనే మాటలు రికార్డు చేస్తాం. సమయం ఇచ్చినందుకు ఆయనకు 500 రూపాయలు అప్పుడే ఇస్తాం, ఏం చెప్పినా సరే. మంగళవారం మధ్యాహ్నం 3, బుధవారం ఉదయం 11, గురువారం మధ్యాహ్నం 3, వీటిలో ఏది వీలు? వద్దనుకుంటే 'వద్దు' అని పెట్టండి, మళ్ళీ అడగం.

'ఏదీ అమ్మడానికి రావడం లేదు' అని రాశాక, కొత్త ప్లాన్ గురించి ఒక్క ముక్క మాట్లాడినా ఆ ఊళ్ళో తర్వాతి పిలుపు ఎవరూ నమ్మరు. జీడి వ్యాపారులందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే.

6. ఖాయం చేసుకోవడం

ఒక రోజు ఆగి ఫోన్ చేయండి. 'అలాగేలెండి, చూద్దాం' అంటే సరే అన్నట్టు కాదు. ఏ రోజో, ఏ వేళో ఆయన నోటితో చెప్పేదాకా దాన్ని ఖాళీగానే లెక్కపెట్టుకోండి. ఫోన్‌లోనే 'ఈ మధ్య సరుకు లెక్క చివరిసారి ఎక్కించింది ఎవరండి?' అని అడగండి. 'మా అబ్బాయి' అన్నారంటే పిలవవలసింది అబ్బాయిని. ముందు రోజు సాయంత్రం ఒక మెసేజ్, బయలుదేరే ముందు ఒక ఫోన్ చేయండి. రెండుసార్లు వాయిదా పడితే మూడోసారి అడగకుండా జాబితాలో తర్వాతివారికి వెళ్ళండి.

కూర్చున్నాక రికార్డు చేసే ముందు గుమాస్తా అనుమతి విడిగా తీసుకోవాలి. యజమాని ఒప్పుకున్నది ఆయన ఒప్పుకున్నట్టు కాదు. తర్వాత వద్దనిపిస్తే చెరిపేయమని అడగడానికి ఒక నంబరు ఇవ్వండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం కూడా, అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం అంతే తేలికగా ఉండాలి. లారీ వచ్చి పదో నిమిషంలో ఆయన లేచి వెళ్ళిపోతే 500 చేతిలో పెట్టి, మిగతా అరగంటకు ఇంకో రోజు వీలవుతుందేమో అడగండి.