చేప దవడతో మొదలుపెట్టాక వీడియో నిలబడింది

పొందూరు ఖాదీ మీద తీసిన మా వీడియో మొదట ఇలా ఉండేది: లోగో, మ్యూజిక్, "అందరికీ నమస్కారం", శ్రీకాకుళం నుంచి ఊరికి వెళ్లే రోడ్డు. యూట్యూబ్ స్టూడియోలో, ఏ క్షణం దాకా ఎంతమంది చూశారో చెప్పే రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే గీత మొదట్లోనే నిటారుగా కిందికి జారింది. మొదట్లో కొంత తగ్గడం ఏ వీడియోకైనా మామూలే. కానీ ఇక్కడ నమస్కారం పూర్తయ్యేలోపే చాలామంది వెళ్లిపోయారు.

అదే గ్రాఫ్‌లో మధ్యలో ఒకచోట గీత పైకి లేచింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే షాట్ అది. జనం వెనక్కి జరిపి మళ్లీ చూశారన్నమాట. మొదట్లోనే చూసేవాళ్లని పట్టి ఉంచే హుక్ కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, అక్కడే దొరికింది.

ఆ క్లోజప్‌ని మొదటి ఫ్రేమ్‌కి తెచ్చి, దాని మీద ఈ మాటలు చదివాను: "ఇది చేప దవడ. దీని పళ్లతోనే పత్తి దువ్వుతారు. పీచు తిన్నగా, శుభ్రంగా వస్తేనే ఇంత సన్నని నూలు తీయగలరు. ఈ పత్తి చీరయ్యేదాకా చూద్దాం." తొందరపడకుండా చదివినా పదిహేను సెకన్లలో అయిపోతుంది.

దవడని ముందుకు తెచ్చిన మొదటిసారి "ఇది ఎందుకో చివర్లో చెప్తా" అని ఊరించాను. గీత కాస్త ఆగి, తర్వాత మళ్లీ జారింది. అందుకే సగం జవాబు అక్కడే ఇచ్చేశాను. థంబ్‌నెయిల్‌లోనూ అదే దవడ పెట్టాను. నొక్కినవాళ్లకి ముందు అదే కనిపించాలి. నమస్కారం ఆ తర్వాతే, అదీ ఒక్క ముక్కలో.