వాక్యాలను వరుసలో పెట్టడం – 4వ భాగం: మొదటి వాక్యం, జంట వాక్యాలు

పోయిన భాగంలో ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ఒకే చోట తప్పారు. 'దే' కనిపించగానే, అది ఎవరిని సూచిస్తుందో వాళ్లున్న వాక్యం పక్కన అతికించేశారు. ఈసారి ఆ తప్పు మీదే కూర్చుందాం. మనకు తెలిసిన అలిపిరి మెట్లదారినే తీసుకుంటున్నాను. కింది ఐదు ఇంగ్లీషు వాక్యాలు తారుమారుగా ఉన్నాయి, వాటి సరైన వరుస ఏదో ఆప్షన్లలోంచి ఎంచుకోవాలి.

పి. దిస్ రసీట్ ఈజ్ నీడెడ్ టు కలెక్ట్ ఇట్ ఎట్ ది టాప్.
క్యూ. మెనీ పిల్‌గ్రిమ్స్ వాక్ అప్ టు తిరుమల ఫ్రమ్ అలిపిరి.
ఆర్. దే దేర్‌ఫోర్ లీవ్ దెయిర్ లగేజ్ ఎట్ ఎ కౌంటర్.
ఎస్. క్యారీయింగ్ హెవీ లగేజ్ ఆన్ దిస్ వాక్, హౌఎవర్, ఈజ్ డిఫికల్ట్.
టి. ది కౌంటర్ గివ్స్ దెమ్ ఎ రసీట్.

ఆప్షన్లు: (1) క్యూ-ఎస్-ఆర్-టి-పి (2) క్యూ-ఆర్-టి-పి-ఎస్ (3) క్యూ-ఆర్-పి-టి-ఎస్ (4) ఎస్-క్యూ-ఆర్-టి-పి

ముందు మొదటి వాక్యం. వెనక ఏదో చెప్పి ఉంటే తప్ప అర్థం కాని వాక్యం మొదట రాదు. 'దిస్ రసీట్' అంటే ఏ రసీదు? 'దే' అంటే ఎవరు? 'దిస్ వాక్' అంటే ఏ నడక? 'ది కౌంటర్' అంటే ఏ కౌంటర్? ఏ ప్రశ్నా రానిది క్యూ ఒక్కటే. నాలుగో ఆప్షన్ కొట్టేయండి.

ఇక జంట. 'ఎ రసీట్' అని మొదటిసారి చెప్పింది టి. 'దిస్ రసీట్' అన్నది పి. కాబట్టి టి వెంటనే పి రావాలి. మూడో ఆప్షన్‌లో ఇది తిరగబడింది, అదీ పోయింది. ఆర్‌లో 'ఎ కౌంటర్', టిలో 'ది కౌంటర్' ఉన్నాయి కాబట్టి ఆర్-టి కూడా జంటే. కానీ మిగిలిన రెండు ఆప్షన్లలోనూ ఆ జంట ఉంది, దానితో తేలదు.

చిత్తూరు కుర్రాడొకడు నా దగ్గర రెండో ఆప్షన్ పెట్టి, 'దే అంటే పిల్‌గ్రిమ్సే కదా సార్, క్యూ పక్కన ఆర్ సరిపోయింది' అన్నాడు. సరిపోతుంది, నిజమే. కానీ 'దేర్‌ఫోర్' అంటే 'అందుకని'. ఎందుకని? నడిచి వెళ్తున్నారు కాబట్టి సామాను వదిలేశారా? మధ్యలో బరువు మోయడం కష్టమన్న మాట ఉంటేనే ఆ 'అందుకని' నిలబడుతుంది. ఆ మాట ఎస్‌లో ఉంది. పైగా ఎస్‌ను చివరికి నెడితే 'దిస్ వాక్' తన నడకకు మూడు వాక్యాల దూరంలో పడుతుంది. జవాబు మొదటి ఆప్షనే.

సర్వనామం ఒకటికి రెండు చోట్ల అతుకుతుంది. 'దేర్‌ఫోర్', 'హౌఎవర్' లాంటివి అంత తేలిగ్గా అతకవు. అందుకే రెండు ఆప్షన్ల మధ్య తేలనప్పుడు నేను వీటినే ముందు చూస్తాను.

ఒక్క జాగ్రత్త. సర్వనామం ఉందని మొదటి వాక్యాన్ని గుడ్డిగా కొట్టేయకండి. 'వెన్ హి వాజ్ టెన్, రవి లెఫ్ట్ చిత్తూరు' అన్నదాంట్లో 'హి' ఎవరో అదే వాక్యంలో తెలిసిపోతుంది. 'ఇట్ వాజ్ రెయినింగ్'లో 'ఇట్' దేన్నీ సూచించదు. ఈ రెండూ నిక్షేపంగా మొదట రావచ్చు.