చిన్న వజ్రపుటుంగరం, 3వ పాఠం: బరువు ఎక్కడ దాక్కుంది?

రంగు, స్వచ్ఛత అక్షరాలు చదవడం గత పాఠంతో అయిపోయింది. ఆ రెండూ, బరువూ సమానంగా ఉన్న రెండు గుండ్రటి రాళ్లు పక్కపక్కన పెడితే ఒకటి పెద్దదిగా, చురుగ్గా కనబడొచ్చు; రెండోది చిన్నగా, మబ్బుపట్టినట్టు ఉండొచ్చు. కారణం సర్టిఫికెట్లో మనం కళ్లు తిప్పుకుని దాటేసే కొలతల వరసలో ఉంటుంది.

రెండూ 0.30 క్యారెట్లు అనుకుందాం. వ్యాపారులు 30 సెంట్లు అంటారు, తూకంలో 0.06 గ్రాములు. మొదటి రాయి కొలతలు 4.31 – 4.34 × 2.64 మి.మీ. రెండోది 4.16 – 4.20 × 2.74 మి.మీ. మొదటి రెండు అంకెలు రాయి అడ్డుకొలతలో కనిష్ఠం, గరిష్ఠం. చివరిది లోతు.

అడ్డుకొలతల సగటుతో లోతును భాగించండి. మొదటిదానికి 2.64ను 4.325తో భాగిస్తే సుమారు 61 శాతం. రెండోదానికి 2.74ను 4.18తో భాగిస్తే 65.6. అంటే రెండోదాని బరువులో కొంత కంటికి కనబడని అడుగుభాగంలోకో, లావైన నడుములోకో (దాన్నే గర్డిల్ అంటారు) పోయింది. మీరు దానికీ డబ్బు కడుతున్నారు. పైనుంచి చూస్తే మొదటి రాయి వైశాల్యం దాదాపు 7 శాతం ఎక్కువ.

నష్టం వైశాల్యంతో ఆగదు. అడుగు మరీ లోతైతే పైనుంచి దిగిన వెలుగు తిరిగి కంటికి రాకుండా కిందినుంచి జారిపోతుంది, రాయి నడిమధ్య నల్లబడుతుంది. గుండ్రటి రాయికి 59 నుంచి 62.5 శాతం లోపు లోతు చూసుకోమంటాను. అది మొదటి జల్లెడ మాత్రమే. కోణాలు చెడితే 61 శాతం రాయి కూడా మెరుపు లేకుండా ఉంటుంది. అందుకే రాయిని ఎంత బాగా కోశారో చెప్పే కట్ గ్రేడూ చూడాలి. వజ్రాలను పరీక్షించి సర్టిఫికెట్లిచ్చే జీఐఏ ల్యాబ్ కొలమానంలో ఎక్సలెంట్, వెరీ గుడ్ తర్వాత మూడో మెట్టు గుడ్. పేరు విని మోసపోకండి.

ఇంతా లెక్కవేశాక, ఆ సర్టిఫికెట్ ఈ రాయిదేనా? జీఐఏ చిన్న రాళ్లకిచ్చే డోసియర్ అనే సర్టిఫికెట్లో మచ్చల పటం ఉండదు, పోల్చుకోవడానికి ఆధారం గర్డిల్ మీద లేజర్‌తో చెక్కిన నంబరే. 10 రెట్లు పెద్దగా చూపే లూప్ అనే భూతద్దంతో చదవండి, ల్యాబ్ సైట్లో అదే నంబరు కొట్టి వివరాలు సరిపోల్చండి. రాయిని బిగించకముందే ఈ పని చెయ్యాలి. ఉంగరంలో రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కెం సరిగ్గా ఆ నంబరు మీదే కూర్చుందంటే చదవలేం. రాయి చుట్టూ లోహపు అంచు కట్టిన ఉంగరంలో గర్డిల్ మొత్తం మూసుకుపోతుంది.

అభ్యాసం: ఇదే బరువు, 4.40 – 4.43 × 2.52 మి.మీ. లోతు శాతమెంత? పైనుంచి పెద్దగా కనబడే ఈ రాయిలో దేనికోసం వెతుకుతారు?

జవాబు: 57.1, అంటే లోతు తక్కువ. రాయిని కొద్దిగా వంచి, పైపలక లోపల బూడిదరంగు వలయం ఉందేమో చూడండి. అది గర్డిల్ ప్రతిబింబం; చేపకన్నులా ఉంటుంది. అలా కనబడితే ఆ రాయి వదిలేయండి.