కొత్త కూడలి డిజైన్‌పై భద్రతా ఆడిట్ నివేదికను పొందడానికి దరఖాస్తు విధానం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హైవే కూడలి మారబోతోందని తెలిసి, కొత్త డిజైన్‌లో ప్రమాదాలకు దారితీసే లోపాలను ఎత్తిచూపే భద్రతా ఆడిట్ నివేదిక అడిగినవారిలో కొందరు సగం కాగితాలతోనే తిరిగి వచ్చారు. అది చూశాకే ఇది రాస్తున్నాను.

16వ నంబరు జాతీయ రహదారి విషయమైతే rtionline.gov.in లో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థను ఎంచుకొని, సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు చెల్లిస్తే చాలు. దీనికి వందలు అడిగే మధ్యవర్తి అవసరం లేదు. పోస్టులో పంపితే తెలుగులోనే రాయవచ్చు. రోడ్డు రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖదైతే మాత్రం ఆ పోర్టల్ పనికిరాదు. దరఖాస్తు వెనక్కి వస్తుంది, కట్టిన రుసుము రాదు. కాబట్టి రోడ్డు ఎవరిదో ముందే తేల్చుకోండి.

అసలు చిక్కు ఏ కాగితాలు అడగాలన్న దగ్గర వస్తుంది. ఆడిట్ బృందం సిఫారసు మాత్రమే చేస్తుంది, నిర్ణయం రోడ్డు యాజమాన్యానిది. అందువల్ల నివేదిక ఒక్కటే అడిగితే ఏం చెప్పారో తెలుస్తుంది కానీ, ఏం చేశారో తెలియదు.

నేను చూసిన ఒక కూడలి కాగితాల్లో, ఊరి రోడ్డు నుంచి హైవే ఎక్కే డ్రైవరుకు కుడివైపు బస్ షెల్టర్ అడ్డుపడి 90 మీటర్లే కనిపిస్తుందని ఆడిట్ రాసింది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి 180 మీటర్లు కావాలి. ఆ 90 మీటర్లను అది మూడు సెకన్లకు కాస్త ఎక్కువలో దాటేస్తుంది. షెల్టర్‌ను కూడలి దాటాక పెట్టడాన్ని అత్యవసరంగా, రోడ్డు మధ్య మీడియన్‌లోని మొక్కలు కత్తిరించడాన్ని చాలా అవసరంగా, రోడ్డు గీతలు మళ్ళీ వేయడాన్ని చేస్తే మంచిదిగా పేర్కొన్నారు. డిజైన్ చేసిన కన్సల్టెంటు జవాబులో మూడింటికీ "అంగీకరించాం" అని ఉంది. డ్రాయింగ్ మూలనున్న పెట్టెలో సవరణ సంఖ్య కూడా మారింది. షెల్టర్ మాత్రం పాత చైనేజీలోనే, అంటే హైవే మీద అదే కిలోమీటరు, అదే మీటరు దగ్గరే ఉంది. రెండు డ్రాయింగులూ పక్కపక్కన పెట్టకపోతే ఇది కనబడదు.

అందుకే దరఖాస్తులో చైనేజీ రాసి, మూడు కాగితాల నకళ్ళు విడివిడిగా కోరండి: డిజైన్ దశ ఆడిట్ నివేదిక, ప్రతి సిఫారసుకూ కారణాలతో ఇచ్చిన జవాబు పట్టిక, ఆడిట్‌కు ముందు, తర్వాత ఉన్న డ్రాయింగులు. "షెల్టర్ ఎందుకు మార్చలేదు" అని అడగకండి. రికార్డులో లేని వివరణ ఇవ్వడం అధికారి పని కాదని సులువుగా తిప్పికొడతారు. "షెల్టర్ స్థానంపై తీసుకున్న నిర్ణయం ఉన్న ఫైలు పుటల నకలు" అంటే అలా తప్పించుకోవడం కష్టం.

మామూలు సైజు పుటకు 2 రూపాయలు, పెద్ద డ్రాయింగుకు అసలు ఖర్చు తీసుకుంటారు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, పట్టిక లేకుండా నివేదిక ఒక్కటే వచ్చినా, ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. కేంద్ర సంస్థలకు దానికి రుసుము లేదు.